పనికి గట్టు వేసే కాగితం

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఆరేళ్లు ఒక ఆడిటరు దగ్గర పనిచేసి, రెండేళ్లుగా చిన్న యూనిట్లకు స్టాకు, ఖర్చుల లెక్కలు కుదిర్చిపెట్టే పని సొంతంగా చేస్తున్నాను. పోయినేడు ఒక రైసు మిల్లు పని నెలలో అయిపోతుందని 30,000కు ఒప్పుకున్నాను. ‘ఇదొక్కటీ చూసీమ్మా’ అంటూ నాలుగు నెలలు సాగింది. ఆఖరి పదివేలు ఇంకా రాలేదు. ఇప్పుడు పలాసలో ఒక జీడిపప్పు యూనిట్ యజమాని పిలిచారు. మా మావయ్యకు తెలిసినాయన. ‘బస్తాకి ఎంత పప్పు దిగుతోందో, గ్రేడు వారీగా ఎంత ఖర్చు పడుతోందో తెలిసేలా ఒక పద్ధతి పెట్టమ్మా’ అన్నారు. కాగితం రాసిస్తే నమ్మకం లేదనుకుంటారేమోనని భయం. పని వివరం, ఫీజు ఎలా రాయాలి?

సమాధానం: యజమాని చెప్పిన ఆ ఒక్క వాక్యంలో మూడు మాటలకు హద్దు లేదు. ‘పద్ధతి’, ‘దిగుతోందో’, ‘గ్రేడు వారీగా ఖర్చు’. వీటిని ఇలాగే కాగితం మీద పెట్టి కింద ఫీజు వేస్తే, రైసు మిల్లు దగ్గర జరిగిందే మళ్లీ జరుగుతుంది. ‘అదనపు పనికి అదనపు ఫీజు’ అని చివర ఒక వాక్యం చేర్చినా లాభం లేదు. ఏది అదనమో తేలాలంటే ముందు ఏది అసలో లెక్కకు అందేలా రాసి ఉండాలి. అందుకే ఈ మూడు మాటలనూ విప్పుకుంటూ వెళదాం. కాగితంలో చాలా భాగం అక్కడే తయారవుతుంది.

రాయడానికి ముందు ఒక పూట యూనిట్‌కి వెళ్లి రండి. చూడాల్సినవి కొన్నే. నెలకు ఎన్ని బస్తాల పిక్కలు కోస్తారు? పిక్క ఉడికించిన దగ్గర నుంచి కటింగ్, డ్రయ్యర్, పొట్టు తీయడం, గ్రేడింగ్, ప్యాకింగ్ వరకు ఏ దశలో తూకం వేస్తున్నారు, ఏ దశలో వేయడం లేదు? గ్రేడులు ఎన్ని? ఇప్పుడు లెక్క ఎవరు రాస్తున్నారు, నోటు పుస్తకంలోనా, కంప్యూటర్‌లోనా? ఐదోది ముఖ్యమైనది: మీకు పని చెప్పేది ఎవరు? యజమాని పిలుస్తారు, కొడుకు ఇంకొకటి అడుగుతారు, గుమస్తా మరొకటి, వాళ్ల ఆడిటరు ఫోన్ చేసి వేరే ఒకటి. కుటుంబం నడిపే యూనిట్లలో పని పెరిగేది ఎక్కువగా ఈ దారిలోనే. ప్రతి ఒక్కరూ అడిగేది చిన్నదే, కానీ నలుగురివీ కలిస్తే వారం పని.

ఉదాహరణకు రోజుకు 8 బస్తాలు, నెలకు 25 రోజులు కోసే యూనిట్ అనుకుందాం. 80 కిలోల బస్తా లెక్కన నెలకు 200 బస్తాలు, అంటే 16 టన్నుల పిక్క. బస్తాకు 20 కిలోల దరిదాపుల్లో పప్పు వస్తే నెలకు 4 టన్నుల పప్పు. పన్నెండు గ్రేడులు. రాసేది ఒక గుమస్తా. డ్రయ్యర్‌లో పెట్టే ముందు తూకం లేదు. ఈ యూనిట్‌కే కాగితం రాసి చూద్దాం.

మొదటి మాట ‘పద్ధతి’. దీన్ని వేళ్లమీద లెక్కపెట్టగలిగే వస్తువులుగా మార్చండి. నాలుగు రిజిస్టర్లు: పిక్క రాక, రోజువారీ లాటు, గ్రేడు వారీ నిల్వ, సరుకు పంపకం. ఒక ఎక్సెల్ ఫైలు, అందులో 12 గ్రేడులకు వరుసలు, మరో 3 ఖాళీ వరుసలు. నెలాఖరుకు రెండు పేజీల రిపోర్టు ఒకటి, దాని నమూనా కాగితానికి జతచేయాలి. ఇద్దరు మనుషులకు యూనిట్‌లోనే మూడు విడతల శిక్షణ, ఒక్కో విడత రెండు గంటలు. ఒక నెల పాటు పాత పుస్తకం, కొత్త ఫైలు రెండూ పక్కపక్కన నడిపి చూడటం. మొత్తం మీద మీరు యూనిట్‌కి వచ్చేది ఆరుసార్లు. ఇలా అంకెతో రాస్తే ఐదో రిజిస్టరు, పదహారో గ్రేడు, ఏడో రాక ఎవరూ వాదించకుండానే బయట నిలబడతాయి. ఆ 3 ఖాళీ వరుసలు చిన్న విషయంలా కనిపిస్తాయి గానీ, కొత్త గ్రేడు వచ్చినప్పుడల్లా మీకు ఫోన్ రాకుండా ఆపేవి అవే. వాటిని ఎలా నింపాలో రెండో శిక్షణ రోజున గుమస్తా చేతనే చేయించండి.

రిపోర్టు నమూనా ముందే ఎందుకు జతచేయాలంటే, ‘రెండు పేజీల రిపోర్టు’ అన్నప్పుడు ఆయన మనసులో ఉన్న పేజీలు వేరు, మీ మనసులో ఉన్నవి వేరు. చేత్తో గీసిన గడులైనా చాలు. ఏ గడిలో ఏ అంకె వస్తుందో చూసి ‘కటింగ్ మనిషి వారీగా కూడా కావాలి కదా’ అని ఆయన ఇప్పుడే అంటే దాన్ని ఫీజులో కలపవచ్చు. పని పూర్తయ్యాక అంటే అది మీ ఒంటిమీద పడుతుంది.

రెండో మాట ‘దిగుతోందో’. ఇక్కడ చాలామంది కన్సల్టెంట్లు తెలియకుండానే పెద్ద హామీ ఇచ్చేస్తారు. ‘దిగుబడి మెరుగుపరిచే లెక్కల పద్ధతి’ అని రాస్తే, మూడు నెలల తర్వాత బస్తాకు 20 కిలోలకు బదులు 19 వచ్చినప్పుడు తప్పు మీదవుతుంది. దిగుబడి పిక్క నాణ్యత మీద, తేమ మీద, ఉడకబెట్టడం మీద, కోసే చేయి మీద ఆధారపడుతుంది. మీ చేతిలో ఉన్నది లెక్క ఒక్కటే. కాబట్టి పని పూర్తయినట్టు ఎలా తేల్చుకోవాలో కూడా లెక్క మీదే పెట్టండి: ‘యజమాని ఎంచుకున్న మూడు లాట్లను, ప్రతి దశలోనూ ఇద్దరి ముందు తూచి ఫైలులో ఎక్కించాలి. గ్రేడింగ్ తర్వాత ఫైలు చూపిన నిల్వకూ, కాటా మీద తూచిన నిల్వకూ తేడా నూటికి ఒక కిలో లోపు ఉంటే పని పూర్తయినట్టు.’ ఇందులో ‘సంతృప్తికరంగా’ అనే మాట ఎక్కడా లేదని గమనించండి. సంతృప్తి రోజుకోలా ఉంటుంది. కాటా రేపు కూడా అదే చెబుతుంది.

దీని పక్కనే గడువు పెట్టాలి. ఫైలు అప్పగించిన 7 పనిదినాల్లో లోపాలన్నీ ఒకే జాబితాగా రాసి ఇవ్వాలి, రెండు విడతల సవరణ ఫీజులోనే ఉంటుంది, జాబితా రాకపోతే పని అందినట్టే లెక్క. ఈ వాక్యం లేకపోతే రైసు మిల్లు వాళ్లలా ఎవరూ ‘బాగాలేదు’ అనరు, ‘బాగుంది’ అనీ అనరు. ఆఖరి వాయిదా మాత్రం అలా వేలాడుతూనే ఉంటుంది.

ఇక మూడో మాట. ‘గ్రేడు వారీగా ఖర్చు’ ఈ మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే దాన్ని తూచలేం. ఒకే పిక్కల బస్తాలోంచి గుండు పప్పు, బద్దలు, ముక్కలు కలిసే వస్తాయి. పిక్క కొన్న డబ్బు, ఉడకబెట్టిన కూలి, కటింగ్ కూలి అన్నిటికీ ఉమ్మడి. ఏ గ్రేడుకు ఎంత అన్నది మనం పంచితే వచ్చే అంకె, కాబట్టి పంచే తీరు మారితే అంకె మారుతుంది. ఒక ఊహాలెక్క చూడండి. పది బస్తాల లాటుకు పిక్క కొన్న డబ్బు, కూలీలు అన్నీ కలిపి 1,20,000 ఖర్చయింది, 200 కిలోల పప్పు వచ్చింది. అందులో 120 కిలోలు గుండు, 80 కిలోలు ముక్కలు. అమ్మకం ధర గుండు కిలో 800, ముక్కలు 500 అనుకుందాం.

బరువును బట్టి పంచితే ప్రతి కిలోకూ ఖర్చు 600. అప్పుడు గుండులో కిలోకు 200 లాభం, ముక్కల్లో కిలోకు 100 నష్టం కనిపిస్తుంది. అమ్మకం విలువను బట్టి పంచితే వేరు: గుండు విలువ 96,000, ముక్కల విలువ 40,000, మొత్తం 1,36,000. ఆ నిష్పత్తిలో 1,20,000ను పంచితే గుండుకు కిలోకు 706, ముక్కలకు 441 పడుతుంది. రెండిట్లోనూ లాభమే. లాటు మొత్తం మీద లాభం రెండు తీర్లలోనూ 16,000 ఒక్కటే. కానీ మొదటి తీరులో చేసిన రిపోర్టు చూసిన యజమాని ‘ముక్కల్లో నష్టమేటి, నీ లెక్క తప్పు’ అంటారు. మీరు మార్చి ఇస్తారు. వచ్చే నెల ధరలు మారతాయి, అంకెలు మళ్లీ మారతాయి, కొడుకు వచ్చి బరువును బట్టే ఉండాలంటారు. ఫైలు మొదటి నుంచీ మళ్లీ కట్టాల్సిన పని అది, చూడ్డానికి మాత్రం ‘ఒక చిన్న మార్పు’.

అందుకని ఈ లెక్కనే ఆయన ముందు కూర్చుని కాగితం మీద వేసి చూపండి. తర్వాత ఇలా రాయండి: ‘ఉమ్మడి ఖర్చును ప్రతి నెలా 1వ తేదీన యజమాని ఇచ్చే ధరల పట్టిక ప్రకారం అమ్మకం విలువను బట్టి పంచుతాను. ఈ ఒక్క తీరులోనే ఫైలు తయారవుతుంది. వేరే తీరు కావాలంటే అది మార్పు.’ నెల మధ్యలో ధరలు మారినా పట్టిక మారదని కూడా చేర్చండి. ఈ నాలుగు వాక్యాలు మీకు కనీసం నాలుగైదు రోజుల పని మిగులుస్తాయి.

తర్వాత రాయాల్సింది ఈ పనిలో లేనివి. ‘పైన చెప్పినవి తప్ప మరేవీ లేవు’ అని రాస్తే ఎవరూ చదవరు. రేపు నిజంగా అడగబోయేవాటిని పేరుపేరునా రాయాలి. పలాస యూనిట్‌లో ఇవి రావడం ఖాయం: జీఎస్టీ రిటర్నులు, గడిచిన సంవత్సరపు పాత లెక్కలు ఎక్కించడం, కూలీల పట్టీలు, పీఎఫ్, అన్నగారి యూనిట్‌కో రెండో గోదాముకో ఇదే ఫైలు పెట్టడం, కాటా, ప్రింటరు బాగుచేయించడం. వీటికి తోడు బ్యాంకు స్టాకు స్టేట్‌మెంటు.

ఈ ఆఖరిదాని గురించి కాస్త ఆగి చెప్పాలి. యూనిట్‌కు క్యాష్ క్రెడిట్ ఖాతా ఉంటే సాధారణంగా నెలనెలా బ్యాంకుకు స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి. మీ నెలాఖరు రిపోర్టు చేతికి రాగానే యజమానికి తట్టే మొదటి ఆలోచన ‘ఇదే కాస్త మార్చి బ్యాంకుకి పంపీ’ అనేదే. రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ కావు. బ్యాంకుకు పిక్క, తయారీలో ఉన్నది, తయారైన పప్పు విడివిడిగా విలువ కట్టి ఇవ్వాలి. రావాల్సిన బాకీలు ఎన్నాళ్లవో, సరుకు కొన్నవాళ్లకు ఇవ్వాల్సింది ఎంతో చూపాలి. ఆ అంకెల మీదే బ్యాంకు ఎంత డబ్బు వాడుకోనివ్వాలో నిర్ణయిస్తుంది. అంకె తేడా పడితే బ్యాంకుకు జవాబు చెప్పాల్సింది యజమాని, ఆయన వేలు చూపేది దాన్ని తయారుచేసినవాళ్ల వైపు. పైగా అది ప్రతి నెలా గడువు తేదీకి చేయాల్సిన పని, ఒకసారి చేసి ఇస్తే ఇక మీదే. లేనివాటి జాబితాలో దీన్ని మొదట పెట్టండి, పక్కన ధర కూడా రాయండి: ‘బ్యాంకు స్టాకు స్టేట్‌మెంటు: కావాలంటే వేరుగా, నెలకు ఒకటిన్నర రోజు పని, 6,750 రూపాయలు.’ ధర పక్కనే ఉంటే ‘చేయను’ అన్నట్టు ఉండదు. కావాలంటే దొరుకుతుంది అన్నట్టు ఉంటుంది. మీరు భయపడుతున్న మొహమాటం ఇక్కడే సగం పోతుంది.

ఇప్పుడు ఫీజు. ముందు మీ రోజు ధర తెలియాలి. నెలకు ఇంటికి 45,000 రావాలి, ఫోను, ల్యాప్‌టాప్, తిరుగుడు వగైరాలకు 9,000 ఖర్చు అనుకుంటే మొత్తం 54,000. నెలలో 25 రోజులు పనిచేసినా బిల్లు వేయగలిగేవి పన్నెండుకు మించవు. కొత్త పని వెతకడం, ఇలాంటి కాగితాలు రాయడం, డబ్బుల కోసం ఫోన్లు చేయడం మిగిలినవి తినేస్తాయి. 54,000ను 12తో భాగిస్తే రోజుకు 4,500. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు, లెక్క మాత్రం ఇలాగే వేయండి. నెలలో వచ్చిన రోజులన్నిటితో భాగించడమే చాలామంది చేసే తప్పు, అప్పుడు ధర 2,160కి పడిపోతుంది.

పలాస పనికి రోజులు వేద్దాం. దశలన్నీ చూసి రాసుకోవడానికి రెండు రోజులు, అందులో ఒకటి యూనిట్‌లో. రిజిస్టర్లు గీసి అచ్చు వేయించడానికి ఒకటి. ఎక్సెల్ ఫైలుకు నాలుగు. శిక్షణ మూడు విడతలకు మూడు రోజులు, ఎందుకంటే శ్రీకాకుళం నుంచి పలాసకు రెండు గంటల శిక్షణకు వెళ్లినా ఆ రోజు ఇంకో పనికి మిగలదు. పక్కపక్కన నడిపే నెలలో రెండు రాకలు, ఇంటి దగ్గర ఒక రోజు సవరణ. మొత్తం 13 రోజులు. అనుకోని చిక్కులకు 2 రోజులు కలిపితే 15, అంటే 67,500. ఆమదాలవలసలో రైలెక్కినా, బస్సులో వెళ్లినా ఆటోతో సహా రానుపోను 600 చొప్పున ఆరు రాకలకు 3,600. అంతా కలిపి 71,100. ప్రయాణంతో సహా 72,000 అని ఒకే అంకె చెప్పండి. చిన్న యజమానికి ఫీజు, బస్సు ఛార్జీ, భోజనం అని మూడు అంకెలు చెబితే ప్రతిదాని మీదా ఒక బేరం నడుస్తుంది.

బేరం ఎలాగూ వస్తుంది. 60,000కు చేయమంటే ఫీజు తగ్గించకండి, పని తగ్గించండి. ఒక శిక్షణ విడత, పక్కపక్కన నడిపే నెలలో ఒక రాక తీసేస్తే రెండు రోజులు, రెండు ప్రయాణాలు తగ్గుతాయి, అంటే 10,200. కాగితం మీద 3ను కొట్టేసి 2 చేసి, 72,000ను 61,800 చేయండి, ఆయన ముందే. అంకెకూ పనికీ ముడి ఉందని అప్పుడు కళ్లకు కడుతుంది. పని అలాగే ఉంచి ఫీజు 12,000 తగ్గిస్తే, ఈ ఫీజు ఎంతైనా సాగుతుందని మీరే చెప్పినట్టు.

వాయిదాలు మూడు పెట్టండి. సంతకం రోజున 30,000. ఫైలు అప్పగించి మొదటి శిక్షణ అయ్యాక 24,000. కాటా పరీక్ష అయ్యాక, లేదా ఏడు పనిదినాల గడువు దాటాక 18,000. మొదటిది రాకుండా రిజిస్టరు అచ్చుకు ఇవ్వకండి. ఆఖరిది చిన్నదిగా ఉంచడానికి కారణం ఉంది: చివర ఉన్న అంకె ఎంత పెద్దదైతే దాన్ని ఆపి ఇంకో పని చేయించుకోవాలనే ఆశ అంత పెరుగుతుంది.

ఆయన వైపు నుంచి రావాల్సినవి కూడా రాయాలి, ఎందుకంటే పని పెరగడానికి రెండో కారణం ఆలస్యం. సంతకమైన 7 రోజుల్లో గ్రేడుల జాబితా, ధరల పట్టిక ఇవ్వాలి. డ్రయ్యర్ ముందు ఒక కాటా పెట్టాలి. ప్రారంభం రోజున మొత్తం నిల్వ తూచి యజమాని సంతకం చేయాలి, ఫైలు ఆ తూకం నుంచే మొదలవుతుంది. ఆ ముందు రోజు వరకు ఉన్న తేడాలు మీవి కావు. ఇది రాయకపోతే పాత పుస్తకంలో ఉన్న 300 కిలోల తేడా ఎక్కడ పోయిందో వెతకడంలో వారం గడిచిపోతుంది. ఇంకో మాట: పని చెప్పేది, మార్పు ఒప్పుకునేది ఒక్కరే, పేరు రాయండి. కొడుకైనా, యజమాని అయినా ఫరవాలేదు, ఇద్దరూ మాత్రం వద్దు. ఆయన ఇవ్వాల్సినవి ఎన్ని రోజులు ఆలస్యమైతే చివరి తేదీ అన్ని రోజులు జరుగుతుంది. 15 రోజులకు మించి ఆగితే మళ్లీ మొదలుపెట్టడానికి ఒక రోజు ఫీజు. ఉద్దానంలో పిక్క దిగే వేసవి నెలల్లో యజమానులు కొనుగోలులో మునిగి ఉంటారు, గుమస్తా కూడా దొరకడు. పక్కపక్కన నడిపే నెల మార్చి, ఏప్రిల్, మే నెలల్లో పడకుండా తేదీలు వేసుకోండి.

ఇంత రాసినా ‘ఇదొక్కటీ చూసీమ్మా’ ఆగదు. దానికి కాగితంలోనే చోటు పెట్టండి. ‘చిన్న సాయాలకు 4 గంటలు ఉచితం’ అని రాసి, వాడిన ప్రతిసారీ చెప్పండి. గుమస్తా కంప్యూటర్‌లో ఏదో చెరిపేశాడు, అరగంట. ఆడిటరు అడిగిన ఒక జాబితా, గంట. నాలుగు గంటలూ అయ్యాక వచ్చే ప్రతి కోరికా మార్పే. మార్పు వచ్చినప్పుడు ఫోన్‌లో సరేననకుండా అదే రోజు వాట్సాప్‌లో ఇలా పెట్టండి:

‘నమస్కారం అండి. ఈరోజు మీరు అడిగినది: కటింగ్ మనిషి వారీ దిగుబడి పట్టిక. మన కాగితంలో లేదు. పని 2 రోజులు, ఫీజు 9,000. ఇది కలిపితే పూర్తయ్యే తేదీ 20 నుంచి 24కు మారుతుంది. చేయమంటే సరే అని రాయండి, మొదలుపెడతాను. లేకపోతే ఇప్పటి పని అనుకున్నట్టే సాగుతుంది.’

అడిగినది, రోజులు, ఫీజు, కొత్త తేదీ. ఈ నాలుగూ ఉండాలి. తేదీని మరచిపోకండి, డబ్బు ఇస్తామన్నవాళ్లు కూడా తేదీ మారుతుందని తెలిశాక చాలాసార్లు ‘ఇప్పుడు వద్దులే’ అంటారు. ‘సరే’ వచ్చేదాకా ఆ పని ముట్టుకోకండి. ముందు చేసి తర్వాత బిల్లు వేస్తే అది గొడవే.

పని అప్పగించాక 30 రోజులు తప్పులు ఉచితంగా సరిచేస్తానని రాయండి, అయితే తప్పు అంటే ఏమిటో కూడా రాయండి: కాగితంలో ఉన్నది పనిచేయకపోతే తప్పు, కాగితంలో లేనిది కావాలంటే మార్పు. కూడిక తప్పు వస్తే మీ పూచీ. పదహారో గ్రేడు కావాలంటే మార్పు. ‘ఆ తర్వాత కూడా మీరు కావాలనుకుంటే నెలకు ఒక రాక, రెండు గంటల ఫోను సాయం 6,000కు’ అని ఒక వాక్యం ఉంచండి. బలవంతం లేదు, కానీ అది ఉంటే ఉచిత ఫోన్లు బాగా తగ్గుతాయి.

పన్నుల సంగతి క్లుప్తంగా. సేవల మీద వార్షిక ఆదాయం 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వేయకూడదు. యూనిట్ భాగస్వామ్య సంస్థ అయితే వృత్తి సేవల ఫీజు ఏడాదికి 50,000 దాటినప్పుడు 10 శాతం టీడీఎస్ పట్టి ఇస్తారు. ‘ఫీజు టీడీఎస్‌కు ముందు 72,000’ అని రాసి పెట్టుకోండి, 7,200 తగ్గి వస్తే కంగారు పడకండి, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే చేయించుకోండి, ఉచితమే. సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు రాతపూర్వకంగా పెట్టుకున్నా 45 రోజులు మించకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. గడువులో ఇవ్వకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవడం కొన్నవారికి కుదరదు, చెల్లించిన ఏడాదిలోనే కుదురుతుంది. ఈ సంగతి వాళ్ల ఆడిటరుకు తెలిసే ఉంటుంది, మీ కాగితంలో ఉద్యమ్ నంబరు కనిపిస్తే చాలు.

నమ్మకం గురించి మీ భయం. దీనికి ‘ఒప్పందం’ అని పేరు పెట్టకండి, ‘పని వివరం’ అని పెట్టండి. తెలుగులో, రెండు పేజీలు మించకుండా రాయండి. మావయ్య చేత పంపకండి, మీరే తీసుకెళ్లి ఎదురుగా కూర్చుని పైకి చదవండి. ‘మీకు ఏమేం వస్తాయో రాసుకొచ్చానండి, ఏదైనా తప్పిపోయిందేమో చూడండి’ అని మొదలుపెట్టండి. ఆయన ఒకటి చేర్చమంటే చేర్చి రోజులు, ఫీజు అక్కడే మార్చండి. ఆయన చేత్తో మార్పులు పడిన కాగితానికి ఆయన పరాయిగా ఉండరు. ధర మావయ్యతో మాట్లాడతానంటే మాత్రం, ‘మావయ్యని ఇందులో పెట్టొద్దండి, ఆయన మొహం చూసి మనిద్దరం ఏదీ సరిగా మాట్లాడుకోలేం’ అని నవ్వుతూనే చెప్పేయండి. కాగితం చివర ఈ ఫీజు 15 రోజులు మాత్రమే ఉంటుందని తేదీతో రాసి, ఇద్దరూ సంతకం చేసి, ఒక కాపీ ఆయన దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంచండి. ఆ రోజే ఫోటో తీసి పని ఒప్పుకునే మనిషికి వాట్సాప్‌లో పంపండి, రేపు మార్పు సందేశాలన్నీ దాని కిందే వరుసగా ఉంటాయి.

రైసు మిల్లు పదివేలకు కూడా ఇప్పుడు ఒక పని చేయవచ్చు. ఏ తేదీన ఏది అప్పగించారో, తర్వాత అడిగినవి ఏవి చేశారో వరుసగా రాసి, మొత్తం ఫీజు, అందినది, రావాల్సినది చూపించే బిల్లు పంపండి. అదనంగా చేసిన పనులకు ఎదురుగా ‘0’ వేయండి. కొత్తగా ఏదీ అడగకండి, ఆ పదివేలు మాత్రమే అడగండి, ఏ తేదీలోగా కావాలో రాయండి.